మా ఇంటి తొట్టెల పాట

పాప పుట్టింది సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజున. 29కి ఇరవై ఒక్క రోజులు నిండుతాయి. బతుకమ్మ రోజులు కాబట్టి ఆడవాళ్లందరి గొంతులూ ఇప్పటికే పాటల్లోనే ఉన్నాయి. నర్సంపేట అమ్మమ్మ ఇంట్లో, నడుమింటి దూలానికి తొట్టెల కట్టిన తర్వాత ఇది పాడదాం. పల్లవి అందరిది. చరణాలు ఎవరివి వాళ్లే పాడాలి, గొంతు బాగాలేదని ఎవరూ తప్పించుకోవద్దు. చప్పట్లు చాలు, డీజే బాక్సులు కాసేపు బంద్. మేనత్త చెవిలో చెప్పేదాకా పాప పేరు ఎవరి నోటా రావద్దు. అందుకే సగం పాట దాకా "చిట్టితల్లి" అనే రాశాను.

అందరూ

ఊగమ్మ ఊగమ్మ ఊయల తొట్టెల
ఊరంత చుట్టాలు వచ్చినారీ వేళ
ఓరుగల్లు గడ్డ మీద పూసిన పువ్వమ్మ
నూరేళ్లు చల్లంగ వర్ధిల్లు మాయమ్మ

బాపమ్మ

మొక్కితే పలికింది మా తల్లి భద్రకాళి
చక్కంగ వచ్చింది మా ఇంటి చిట్టితల్లి
ఐనవోలు మల్లన్న బండారి బొట్టు పెట్టి
పానం బాగుండాలని పట్నమేసి మొక్కుకుంటి

మాఘమాసం జాతరకు మేడారం పోదాము
జంపన్న వాగుల నీ కాళ్లు తడుపుదాము
ఈసారి జాతరకు చంకనెత్తుకొని పోత
ఆ పైన జాతరకు నువ్వే నడిచి రావాలె

నీ ఎత్తు బంగారం నిండార తూపిస్త
తక్కెట్ల నిన్ను వేసి తాత చూస్తుంటె
ఇయ్యాల మూడు కిలోల బెల్లమైతె చాలు గాని
రెండేండ్ల తర్వాత గంప నిండా కావాలె

(బెల్లాన్ని బంగారం అంటామని పట్నం పిల్లలకు ముందే చెప్పండి. పోయినసారి ఒకడు నిజంగానే బంగారు దుకాణం గురించి అడిగాడు.)

అందరూ

ఊగమ్మ ఊగమ్మ ఊయల తొట్టెల
ఊరంత చుట్టాలు వచ్చినారీ వేళ

అమ్మమ్మ

కాళ్లు రెండు చాపుకొని కట్టె పొయ్యి పక్కన
పీట మీద కూసుంటి పాపకు తానం పోయ
ఆముదం తలకంటి అరికాళ్లు మెత్తంగ రుద్ది
శనగపిండి నలుగుతోని సందులన్నీ శుద్ధి చేసి

చెంబుతోని చారెడు నీళ్లు ఈపు మీద పోస్తనే
కయ్యిమని ఏడిస్తివి, వాకిలంత లేసింది
మెత్తని పాతచీరల ఒళ్లంత తుడిచేసరికి
చిటికెన వేలు పట్టుకొని చిన్నంగ నిద్రపోతివి

ఏడ్చిన గొంతే రేపు ఎలుగెత్తి పాడాలె
వసపిట్ట తీరుగా వాకిట్ల పలకాలె
ఆకలైతె అడగాలె, నొప్పైతె చెప్పాలె
అడిగింది దొరకాలె, చెప్పింది వినాలె

(అమ్మమ్మ ఈ చరణం నెమ్మదిగానే పాడుతుంది. తొందర పెట్టకండి. ఇరవై రోజులుగా ఆ పీట మీద కూర్చున్నది ఆమే.)

నర్సంపేట తాత

పాకాల చెరువు నీళ్లు పారిన మా పొలంల
యాసంగి వడ్లు దంచి పరమాన్నం వండినం
చపాట మిరప తీరు, కారం తక్కువ రంగెక్కువ
కోపం తక్కువ నవ్వెక్కువ, నీ గుణం ఉండాలె

ఎనుమాముల మార్కెట్ల మిర్చి మంచి ధర పలికె
ఎండి కడియాలు రెండు నీ కాళ్లకు తెచ్చిన
గల్లుగల్లు మనుకుంట గట్టు మీద నువ్వొస్తె
ఎండల నిలబడ్డ నాకు ఎంత హాయి బిడ్డా

కొత్తవాడ తాత

కొత్తవాడ మగ్గం మీద జంపఖానా నేసిన
ఎర్ర చార, నీలి చార, నడుమ నెమలి పెట్టిన
బోర్ల నువ్వు పడుటానికి, పాకి నువ్వు ఆడుటానికి
ఏండ్లెన్ని గడిచినా అది చినగకుండ ఉండాలె

నూలు పోగు తెగితె మల్ల ముడి వేసుకొని నేస్తం
ఏ పని నువ్వు పట్టినా నడుమల్నె విడవకు
నీ చేతుల పనికెప్పుడు నలుగురు మెచ్చాలె
నీ కష్టం కూలిగా నీ చేతికే రావాలె

అందరూ

ఓరుగల్లు గడ్డ మీద పూసిన పువ్వమ్మ
నూరేళ్లు చల్లంగ వర్ధిల్లు మాయమ్మ

మేనత్త, చిన్నమ్మ: ఎదురెదురుగా నిలబడి

మేనత్త: ముక్కు చూడు మా అన్నది, ముద్దుగ కోరగుంది
చిన్నమ్మ: మూతి చూడు మా అక్కది, ముడిచిందంటె చాలు
మేనత్త: నడినెత్తిన సుడి చూడు, మా నాయిన పోలికే
చిన్నమ్మ: నవ్వితె బుగ్గ సొట్ట, మా అమ్మ పోలికే

మేనత్త: రాత్రంత మేల్కొనుడు ఎవరి పోలికమ్మ?
చిన్నమ్మ: క్రికెట్టు చూసెటి మీ అన్న పోలికమ్మ!
మేనత్త: పొద్దంత నిద్రపోవుడు ఎవరి పోలికమ్మ?
చిన్నమ్మ: సెలవొస్తె లేవని మా అక్క పోలికమ్మ!

ఇద్దరూ: పోలికలు ఎవరివైతేమి, పాప అందరి పాప
రెండిండ్ల దీపము, రెండూళ్ల మురిపెము

చిన్నమ్మలు, పెద్దమ్మలు: చప్పట్లు జోరుగా

నవ్వితె నువ్వుండలు, బోర్లపడితె పోలెలు
గడప దాటితె గారెలు, అడుగులేస్తె అరిసెలు
పాలపండ్లు మొలిస్తే పంచుదాం పేలాలు
సంక్రాంతి పండుగకు చుట్టుదాం సకినాలు

సకినం చుట్టు తిప్పెటప్పుడు పిండి ముద్ద నీకిస్త
వంకర టింకర తిప్పు, ఎవరు నవ్విన ఊకోను
నువ్వు చుట్టిన సకినమే ముందుగ నూనెల వేస్త
మాడిన, విరిగిన, మీ నాయినకె పెడత

మేనమామ

కాజీపేట స్టేషన్ల డ్యూటీ దిగి వచ్చిన
మొలతాడు ఎండిది, ఉంగరము పసిడిది
మామ చేతి మొలతాడు మురిపెంగ కట్టిన
దిష్టి తగలకుండ బుగ్గన చుక్క పెట్టిన

చదువుకు హైదరాబాదు పో, కొలువుకు ఢిల్లీ పో
సముద్రాలు దాటి పో, సంతోషంగ పో బిడ్డా
ఏ బండి దిగినా, ఏ అర్ధరాత్రి దిగినా
కాజీపేట జంక్షన్ల మీ మామ నిలబడి ఉంటడు

(ఇక్కడ మామ గొంతు పూడుకుపోతే పల్లవి అందుకోండి.)

అందరూ

ఊగమ్మ ఊగమ్మ ఊయల తొట్టెల
ఊరంత చుట్టాలు వచ్చినారీ వేళ

పాట ఇక్కడ ఆగుతుంది. ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి, పాప నాన్న ఉంగరంతో పేరు రాస్తాడు. బియ్యం కదలకుండా పిల్లలను కాస్త దూరంగా కూర్చోబెట్టండి. మేనత్త పాపను ఒళ్లోకి తీసుకుని, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి మూడుసార్లు పేరు చెబుతుంది. తర్వాత లేచి నిలబడి పాడుతుంది.

మేనత్త

వేయి స్తంభాల గుడి వాకిట్ల మొక్కినం
వేయి పేర్లు ఏరేరి ఒక్కటె పట్టినం
బియ్యంల రాసినం, చెవిల చెప్పినం
చుట్టాలు వినండి, సుట్టుపక్కలు వినండి

సహస్ర! సహస్ర! మా పాప సహస్ర!

అందరూ: పేరు గట్టిగా

సహస్ర సహస్ర, తొట్టెలల్ల సహస్ర
సహస్ర సహస్ర, వాకిట్ల సహస్ర
పిలిచితె పలకాలె, పలికితె మురవాలె
పేరు పెట్టిన వాళ్లకు పేరు తేవాలె

బాపమ్మ

బడి రిజిస్టర్ల సహస్ర, పరీక్షల్ల సహస్ర
బాపమ్మ నోట్లె మాత్రం మల్లవ్వ మల్లవ్వ
మా అత్త పేరమ్మ అది, మంచి మనిషి పేరు
ఆకలని వచ్చినోళ్లను ఉత్తగ పంపలే

బాబాయి

బమ్మెర పొలాల్ల పోతన్న పద్యం విందాము
రామప్ప గుడిలోన రాతి నాట్యం చూద్దాము
ఖిలా వరంగల్ల తోరణాల నడుమ నిలబెట్టి
రాణి రుద్రమదేవి ఏలిన నేలని చూపిస్త

కాళోజి పుట్టినరోజె నీ పుట్టినరోజు
మన ఊరి యాసలనె మాటలు మొదలుపెట్టు
ఆ పైన ఎన్ని భాషలైన నేర్చుకో తల్లి
అన్యాయం చూసినప్పుడు ఏ భాషలనైన అడుగు

నాన్న: ఒక్క చరణమే

ఎత్తుకోవడం రాక చేతులు వణికినయి
మెడ కింద చెయ్యి పెట్టమని అందరు చెప్పిరి
ఇప్పుడు నేర్చుకున్న, ఇక దించ సహస్రా
నువ్వు దించమన్నదాక నా భుజమె నీ తొట్టెల

బాపమ్మ, అమ్మమ్మ కలిసి: పాప తల్లికి పసుపు కుంకుమ పెడుతూ

బిడ్డను అందరు చూస్తిరి, తల్లిని ఎవరు చూస్తిరి
అద్దమరేతిరి లేస్తివి, అన్నం చల్లార్చుకుంటివి
తొమ్మిది నెలలు మోస్తివి, నొప్పులన్నీ ఓర్చుకుంటివి
బంగారు తల్లివమ్మా, నువ్వు బాగుండాలె ముందు

ఇయ్యాల నువ్వు కూసో, వేడన్నం నువ్వు తిను
కంటి నిండ పడుకో, పాప మా ఒళ్లె ఉంటది
నీ చదువు ఆగొద్దు, నీ కొలువు పోవద్దు
నువ్వు పోయి వచ్చేదాక మేమున్నం బిడ్డా

(ఈ రెండు చరణాలు దాటేయకండి. సమయం లేకపోతే సకినాల చరణం వదిలేయండి గాని ఇవి వదలొద్దు. అత్తగారు, అమ్మ ఇద్దరూ ఒకే మాట నలుగురిలో చెబితే ఆ పిల్లకు అదే పెద్ద ధైర్యం.)

ఆడబిడ్డలంతా: తొట్టెల చుట్టూ తిరుగుతూ

తంగేడు పూలు తెచ్చినం, గునుగు పూలు తెచ్చినం
తొట్టెల తాళ్లకు తోరణంగ కట్టినం
ఏడాది తిరిగేసరికి చిన్న బతుకమ్మ పేర్చి
నీ చేతిల పెడతమమ్మ, నెత్తిన పెడతమమ్మ

పద్మాక్షి గుట్ట కాడ పట్టుపావడ కట్టి
నలుగురితో ఆడాలె, నడుమల నిలవాలె
ఆడపిల్ల పుట్టిందని ఆకిలంత పూలు చల్లి
వచ్చినోళ్లకు చెప్తిమి, రానోళ్లకు ఫోన్ జేస్తిమి

అందరూ: హారతి

పసుపు కుంకుమలతోని పచ్చంగ ఉండమ్మ
పాడి పంటల నడుమ ఎచ్చంగ పెరుగమ్మ
జరం, దగ్గు దరికి రాక, దిష్టి కళ్లు తాకక
చదువుల తల్లి తోడు, భద్రకాళి నీడ

అక్షింతలు చల్లినం, ఆయుష్షు పోసినం
మా నవ్వులు నీవమ్మ, మా సిరులు నీవమ్మ
సహస్ర సహస్ర, మా ఇంటి సహస్ర
నూరేళ్లు నూరేళ్లు, నిండు నూరేళ్లు!

హారతి కళ్లకు అద్దుకున్నాక కుడుకలు, శనగ గుగ్గిళ్లు పంచాలి. ముందు పిల్లలకు, తర్వాత పెద్దలకు. రాలేకపోయిన ముసలివాళ్ల ఇళ్లకు డబ్బాలో పెట్టి సాయంత్రానికే పంపండి.