మన పార్లర్ ఫీడ్‌బ్యాక్ ఫారం, ఈసారి ఐదే ప్రశ్నలు

అక్కలూ, వదినలూ, రాయగడ మన పార్లర్ నుంచి. రజొ పండగ ముందు ఇచ్చిన ఫారంలో పద్నాలుగు ప్రశ్నలు పెట్టేశాను, నాదే తప్పు, అందరూ వరసపెట్టి 'బాగుంది' అని టిక్కులు కొట్టేశారు, బాగుందంటే నాకేం తెలుస్తుంది చెప్పండి. పనికొచ్చినవి మాత్రం అడుగున కొందరు రాసిన ముక్కలే, ఒకరైతే "ఐబ్రోస్ పది నిమిషాల పని, గంటన్నర కూర్చోబెట్టారు" అని.

పేరు రాయక్కర్లేదు. తెలుగైనా ఒడియా అయినా సరే. కౌంటర్ పక్కన డబ్బాలో వేసెయ్యండి, తాళం నా దగ్గరే ఉంటుంది, మీకు పని చేసిన అమ్మాయి చూడదు.

1. ఇవాళ ఏం చేయించుకున్నారు? థ్రెడింగ్ / వ్యాక్సింగ్ / ఫేషియల్ / హెయిర్ కట్ / కలర్ / పెళ్ళి మేకప్

2. మేం చెప్పిన టైం దాటాక ఎంతసేపు కూర్చున్నారు? పది నిమిషాల్లోపు / అరగంట దాకా / ఇంకా ఎక్కువ

3. మీరడిగింది ఒకటి, మేం చేసింది ఇంకొకటి అయిందా? అయితే ఏంటది?

4. టవల్, దువ్వెన, దారం, వ్యాక్స్ పుల్ల, వీటిల్లో ఏదైనా శుభ్రంగా లేదనిపించిందా? పోయినసారి ఇంటికెళ్ళాక మంట గానీ దద్దుర్లు గానీ వచ్చాయా?

5. మేం ఒక్కటంటే ఒక్కటే మార్చాలంటే ఏం మార్చమంటారు?

రాసి ఏం లాభం అనుకునేవాళ్ళకి, పోయినసారి వాటితో ఏం చేశానో చెప్తాను. ఆ గంటన్నర మాట చూసి అపాయింట్‌మెంట్ పుస్తకం తిరగేస్తే గొడవంతా శనివారం సాయంత్రాలే, ఫేషియల్ వాళ్ళ వెనకాల థ్రెడింగ్ వాళ్ళు ఇరుక్కుపోతున్నారు, అందుకే థ్రెడింగ్‌కి విడిగా ఒక కుర్చీ వేసి ఒక అమ్మాయిని దానికే పెట్టాను. డై వేసుకున్నాక చెవి వెనక దురద వచ్చిందని ఒక్కరే రాశారు, కానీ అలాంటిది ఒక్కరు రాసినా చాలు, నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి అస్సలు పడదు. ఇప్పుడు కొత్త రంగైతే ముందు మోచేతి లోపల కొంచెం రాసి 48 గంటలు చూశాకే తలకి పెడుతున్నాం, రేపే పెళ్ళండీ అన్నా సరే, కోప్పడినా సరే. వ్యాక్స్‌లో ఒకసారి ముంచి ఒంటికి రాసిన పుల్ల మళ్ళీ ముంచడం మానేశాం.

రేట్లు తగ్గించమని చాలామంది రాశారు, అది నావల్ల కాలేదు. ఎంతవుతుందో ముందే తెలియట్లేదన్న మాట మాత్రం నిజమే, అందుకే తలుపు పక్కన తెలుగు, ఒడియా రెండిట్లో బోర్డు పెట్టాను. ఫ్యాన్ స్పీడు గురించి సగం మంది పెంచమన్నారు, సగం మంది తగ్గించమన్నారు, దాన్ని అలాగే వదిలేశాను.

మంగళవారం షాపు సెలవు కదా, నెలాఖరు మంగళవారం డబ్బా తెరిచి అన్నీ నేనే చదువుతాను, ఏం మార్చాలో అమ్మాయిలతో కూర్చుని మాట్లాడతాను. ఏం మార్చామో, ఏది కుదరలేదో ఆ బోర్డు కిందే రాసి పెడతాను.