సుబ్బూ, నీ నాటకానికి రానందుకు

ఒరేయ్ సుబ్బూ,

ఫోన్ చేద్దామని నంబరు తీసి ఆగిపోయాను. చేస్తే నువ్వు "పర్లేదులేరా, అన్నం తిన్నావా" అంటావు. నేనూ హమ్మయ్య అనుకుని వేరే కబుర్లలో పడిపోతాను. ఈ ఒక్క విషయంలో అంత తేలిగ్గా బయటపడటం నాకు ఇష్టం లేదు. అందుకే రాస్తున్నాను. షాపులో జనం ఉండగా చదవకు, రాత్రి ఇంటికెళ్ళాక చదువు.

శ్రీరామనవమి నాడు నీ నాటకానికి రాలేదు. తప్పు నాదే. ఆఫీసులో మార్చి నెలాఖరు లెక్కలు మీద పడ్డాయి. ముందురోజే "ఊరెళ్ళాలి సార్" అని ఒక్క మాట అడిగితే వదిలేవాళ్ళే. అడగలేదు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

రాకపోవడం ఒక ఎత్తు, ఆ సంగతి నీకు చెప్పిన తీరు ఇంకో ఎత్తు. సాయంత్రం చీకటి పడ్డాక "రాలేకపోతున్నా, ఆల్ ది బెస్ట్" అని మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. అప్పటికి నువ్వు మేకప్‌కి కూర్చున్నావట. ముఖానికి అర్దళం పట్టించి, కదలకుండా కళ్ళు మూసుకుని కూర్చున్నవాడికి రమ ఆ మెసేజ్ చదివి వినిపించిందట. కృష్ణుడి వేషం మొదటిసారి కడుతున్నవాడు అసలే ఎంత టెన్షన్‌లో ఉంటాడో నాకు తెలుసు. ఆ సమయంలో ఆ మాట నీ చెవిన పడేలా చేశాను. కనీసం ఫోన్ చేయాల్సింది, అది కూడా పొద్దున్నే. దానికి ఇంకా ఎక్కువ సారీ రా.

ఆ రాత్రి నీకు ఏమిటో నాకు తెలియనిది కాదు. ఊళ్ళో మిగతావాళ్ళకి అది నవమి పందిట్లో ఇంకో నాటకం. పానకం తాగి, వడపప్పు తిని, తెల్లవార్లూ కూర్చుని చూసే నాటకం. నేను మాత్రం నిన్ను ఇంటర్ నుంచీ చూస్తున్నాను. తెనాలి నుంచి వేషగాళ్ళు దిగితే వాళ్ళ ట్రంకు పెట్టెలు మోయడానికి ఎగబడేవాడివి. కిరీటం ఒక్కసారి పట్టుకోనిస్తారని! తర్వాత భటుడివయ్యావు, వికర్ణుడివయ్యావు, సహదేవుడివై రెండు పద్యాలు పాడావు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని బయటినుంచి పేరున్నవాళ్ళని పిలిపిస్తుంటే, నువ్వు పక్క తెర దగ్గర నిలబడి పెదవులు కదుపుతుండేవాడివి. వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో కూడా నీకు తెలుసు. అలాంటివాడికి కమిటీవాళ్ళు పిలిచి రాయబారం సీను ఇచ్చారు. ఇచ్చారని చెప్పడానికి నాకే మొదట ఫోన్ చేశావు.

సంక్రాంతికి వచ్చినప్పుడు షాపులో చూశాను కదా. మోటారు విప్పి ముందు పెట్టుకుని, రాగి తీగ చుట్లు చుడుతూ పద్యం ఎత్తుకున్నావు. పై స్థాయికి వెళ్ళేసరికి లెక్క తప్పింది. తిట్టుకుంటూ చుట్టిందంతా విప్పి, మళ్ళీ మొదటి చుట్టు నుంచి మొదలుపెట్టావు, మళ్ళీ మొదటి పాదం నుంచి. మోటారు కోసం వచ్చిన రైతు అరుగు మీద కూర్చుని, "కృష్ణుడు కౌరవసభకి వెళ్ళొచ్చేదాకా నా చేనుకి నీళ్ళు లేవన్నమాట" అన్నాడు. ఆ రోజే నేను మాటిచ్చాను: మొదటి వన్స్ మోర్ నాదేనని. ఆ మాటే నన్ను ఎక్కువ బాధిస్తోంది.

మొదటి వన్స్ మోర్ అరిచింది మా చిన్నాన్న కొడుకని విన్నాను. వాడికి రాగమూ తెలియదు, తాళమూ తెలియదు. అయినా వాడు అక్కడ ఉన్నాడు, నేను లేను.

వాడు తీసిన వీడియో పంపాడు. ఒక్క పద్యమే ఉంది. సగంలో ఎవరిదో తల అడ్డొచ్చింది, మైకు గీమంటోంది. వీడియో చూశాను కాబట్టి నాటకం చూసినట్టే అని అనడంలేదు. కానీ విన్నది విన్నట్టు చెప్పాలి కదా. నువ్వు మాట మింగలేదురా. చాలామంది పద్యాన్ని గబగబా ముగించి, చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తూ పోతారు. అసలు కృష్ణుడు ఏమన్నాడో వెనక వరుసవాళ్ళకి తెలియనే తెలియదు. మీ నాన్నకి అది అస్సలు పడేది కాదు. షణ్ముఖి ఆంజనేయరాజు గారి క్యాసెట్ పెట్టి, "మాట వినపడుతోందా లేదా చూడండ్రా" అనేవాడు బాబాయి. నీ పద్యంలో ప్రతి మాటా వినపడింది. హార్మోనియం ఆయన కూడా నీ మీద పడకుండా, వెనకే వచ్చాడు. అప్పుడు సుయోధనుడి వేషం కట్టిన మాస్టారు నీ వైపు తిరిగి చూసిన చూపు ఉంది చూడు, అది పాత్ర చూపు కాదు. ఆయన మెచ్చుకున్నాడు. నువ్వు గమనించావో లేదో.

ముందు వరుసలో కుర్చీ మీద నా కోసం తువ్వాలు వేసి ఉంచారనీ, నాటకం సగమయ్యేదాకా పిన్ని ఎవర్నీ కూర్చోనివ్వలేదనీ రమ చెప్పింది. ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. పిన్నికి నేనే ఫోన్ చేసి మాట్లాడాను. "పనులు ఉంటాయిలే నాన్నా" అంది, ఆ వెంటనే "వాడు మాత్రం ఎదురుచూశాడు" అంది. రెండో మాట అననట్టు నటించే మనిషి కాదు కదా.

నన్ను క్షమించమని తొందరపెట్టను. కోపం ఉంటే ఉండనీ, ఎన్నాళ్ళైనా సరే. జోకులేసి దాన్ని కరిగించే ప్రయత్నం కూడా చేయను. నాకోసం ఇంట్లో కూర్చుని ఆ పద్యం మళ్ళీ పాడమని కూడా అడగను. అది రాత్రిపూట, లైట్ల కింద, అంతమంది ముందు పాడాల్సింది. హాల్లో సోఫా మీద కూర్చుని పాడించుకుంటే నా తృప్తి కోసమే అవుతుంది.

పక్కూరి తిరునాళ్ళకి నిన్నే అడిగారని విన్నాను. ఒప్పుకుంటే తేదీ చెప్పు. ఆ రోజుకీ ముందురోజుకీ సెలవు ఇప్పుడే పెట్టేస్తాను. నువ్వు చెప్పకపోయినా రమని అడిగి తెలుసుకుంటాను, అది వేరే సంగతి. ముందు వరుస కుర్చీ వద్దు, వెనక చాప మీద కూర్చుంటాను. మైకు సెట్టు మాత్రం మార్పించు. వాడు పోయిన ఏడాది హరికథ కూడా ఇలాగే చెడగొట్టాడు.

ఈ శనివారం జన్మభూమికి వస్తున్నాను, తెనాలిలో దిగుతాను. స్టేషనుకి రావద్దు, ఆటోలో వస్తాను. మీ ఇంటికి రావాలని ఉంది. నీకు ఇంకా నా ముఖం చూడాలని లేకపోతే మొహమాటపడకుండా షాపులోనే ఉండిపో. పిన్ని కాళ్ళకి దణ్ణం పెట్టి, అన్నం తినేసి వెళ్ళిపోతాను. నేను వస్తున్నానని ఆవిడకి ముందే చెప్పేశాను, గోంగూర కూడా తెప్పించిందట.

నీ
శ్రీను