మన ఊరి మంచినీళ్ల కేంద్రం: మహిళా సంఘం నడిపే ప్రణాళిక

మూతపడిన ఆర్ఓ ప్లాంటును మళ్లీ తెరిచి నడిపే ఈ ప్రణాళికను గ్రామ పంచాయతీకి, గ్రామ సమాఖ్యకు మా సంఘం తరఫున ఇస్తున్నాం. 11 మంది సభ్యులం మూడు సమావేశాల్లో కూర్చుని తేల్చుకున్నవే ఇందులో ఉన్నాయి. రాసింది నేను, సంఘం రెండో లీడర్‌ని.

ఎందుకు తెరవాలి

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు ఊళ్లకు ఫ్లోరైడ్ కొత్త కాదు. గారపట్టిన పిల్లల పళ్లు, నడుం వంగిపోయిన పెద్దవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. మన బోరు నీటిని ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే లీటరుకు ఫ్లోరైడ్ 2.8 మిల్లీగ్రాములు, టీడీఎస్ 1,450 వచ్చాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1 దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. కాచి తాగితే చాలని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గే కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

బడి పక్కన గదిలో దాత ఇచ్చిన ఆర్ఓ ప్లాంటు ఉంది. గంటకు 1,000 లీటర్లది. పోయిన ఎండాకాలం నుంచి మూతపడింది. మెకానిక్‌ని తెచ్చి చూపిస్తే మిషన్‌లో పెద్ద లోపం లేదన్నాడు. నీటిలోంచి లవణాలను వడకట్టే పొరలు, అంటే మెంబ్రేన్లు, పూడుకుపోయాయి, మార్చడానికి డబ్బు లేదు, అంతే. రోజూ క్యాన్లు అమ్ముడయ్యాయి, రోజూ డబ్బు వచ్చింది, కానీ మెంబ్రేన్ కోసమని ఎవరూ ఒక్క రూపాయి పక్కన పెట్టలేదు. ఈ ప్రణాళికలో మేం అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది ఈ ఒక్క విషయాన్నే.

మొదటి ఖర్చు

నాలుగు మెంబ్రేన్లు 56,000, ఇసుక, కార్బన్ ఫిల్టర్లలో సరుకు మార్చడానికి 14,000, హై ప్రెషర్ మోటారు రిపేరు 12,000, యూవీ ల్యాంపు సెట్టు 8,000, మంచినీటికి 2,000 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ట్యాంకు, స్టాండుతో కలిపి 22,000, వైరింగ్ 10,000, కుళాయిలు, పరీక్ష కిట్లు, రిజిస్టర్లు 10,000. మొత్తం 1,32,000 రూపాయలు. ఇందులో 42,000 మా పొదుపు నుంచి పెడతాం. మిగతా 90,000 గ్రామ సమాఖ్య నుంచి రూపాయి వడ్డీకి అప్పుగా అడుగుతున్నాం. నెలకు 3,000 చొప్పున 36 నెలల్లో తీరుస్తాం.

నీళ్ల ధర

ఎన్టీఆర్ సుజల పథకంలో 20 లీటర్లు 2 రూపాయలకే ఇచ్చారు కదా అని మమ్మల్ని అడిగినవాళ్లున్నారు. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ ధరకు మన ప్లాంటు కరెంటు బిల్లు, జీతాలు కూడా రావు. అందుకే ఇలా అనుకున్నాం: నెల కార్డు 150 రూపాయలు, దానికి 30 క్యాన్లు. విడిగా తీసుకుంటే 20 లీటర్ల క్యాన్ 7 రూపాయలు. కార్డు డబ్బు నెల మొదట్లోనే కట్టాలి. అప్పు రాసే పద్ధతి పెట్టం. ఊళ్లో మొహమాటాలకు అప్పు మొదలైతే ఆరు నెలల్లో లెక్క ఎక్కడికి పోతుందో పొదుపు సంఘాల్లో ఉన్న మాకు బాగా తెలుసు.

బడికి, అంగన్‌వాడీకి రోజుకు 8 క్యాన్లు ఉచితం. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లున్న ఇళ్లు పదింటికి ఉచిత కార్డు ఇస్తాం. ఆ పేర్లు సంఘం సమావేశంలో తీర్మానం చేసి రాస్తాం, బోర్డు మీద మాత్రం పెట్టం. ఇవి కాక ఇంకెవరికీ ఉచితం లేదు, మా ఇళ్లకు కూడా లేదు. ఇంటికి చేర్చాలంటే ఆటో అతనికి క్యాన్‌కు 5 రూపాయలు విడిగా ఇచ్చుకోవాలి, ఆ డబ్బుతో సంఘానికి సంబంధం ఉండదు.

నెల ఖర్చు మా అంచనాలో ఇలా ఉంది. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు, ఇద్దరు ఆపరేటర్లకు చెరి 6,000. కరెంటు 4,500. యాంటీస్కేలెంట్, బ్లీచింగ్, కార్ట్‌రిడ్జ్‌లు 1,800. పరీక్షలు 700. చిన్న రిపేర్లు 1,500. బోరు నీటికి పంచాయతీకి 500. కలిపితే 21,000. దాని మీద అప్పు కిస్తీ 3,000, మెంబ్రేన్ నిధి 2,500. అంటే నెలకు 26,500 రావాలి.

మామూలు నెలలో 140 కార్డులు, రోజుకు 40 విడి క్యాన్లు పోతాయనుకుంటే 29,400 వస్తాయి. వానాకాలంలో అంత రావు. 110 కార్డులకు, 30 విడి క్యాన్లకు పడితే 22,800 వస్తాయి, అంటే నెలకు 3,700 తక్కువ. ఎండాకాలంలో 160 కార్డులు, 70 విడి క్యాన్లయితే 38,700 వచ్చి 12,200 మిగులుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పెట్టెలో డబ్బు చూసి మాలో ఎవరికైనా పంచుకుందాం అనిపించవచ్చు. ఆ డబ్బు శ్రావణం, భాద్రపదాల్లో కరెంటు బిల్లు కట్టేది. అందుకే ఏడాది లెక్క తేలేదాకా పంపకం లేదని తీర్మానం రాసేశాం.

మెంబ్రేన్ నిధికి బ్యాంకులో వేరే ఖాతా. లీడర్, నేను, గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు, ముగ్గురం సంతకం పెడితేనే డబ్బు తీయాలి. నెలకు 2,500 చొప్పున రెండేళ్లకు 60,000 అవుతుంది, నాలుగు మెంబ్రేన్లకు సరిపోతుంది. పండగ ఖర్చుకో, ఆసుపత్రి ఖర్చుకో అందులోంచి సర్దడం ఉండదు. అలాంటి అవసరాలకు సంఘం అంతర్గత అప్పు ఎలాగూ ఉంది.

రోజూ చేసే పని

ఆపరేటర్ గది తెరవగానే ముందు ఇసుక ఫిల్టర్‌ను, తర్వాత కార్బన్ ఫిల్టర్‌ను పది పదిహేను నిమిషాలు బ్యాక్‌వాష్ చేయాలి. యాంటీస్కేలెంట్ డబ్బాలో మందు ఎంత ఉందో చూడాలి. మందు లేకుండా మిషన్ నడపకూడదు. మనది కఠిన జలం, మందు పడకపోతే మెంబ్రేన్‌లో పొలుసు కడుతుంది. నిర్లక్ష్యం చేస్తే 56,000 రూపాయల సరుకు పాడవుతుంది.

కార్ట్‌రిడ్జ్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి నీటి ఒత్తిడి చూపే గేజిలు ఉన్నాయి. రెండింటి మధ్య తేడా 10 పీఎస్ఐ దాటితే కార్ట్‌రిడ్జ్ మార్చాలి. దాటకపోయినా నెలకోసారి మార్చాల్సిందే. మిషన్ ఆపే ముందు మెంబ్రేన్లను ఐదు నిమిషాలు ఫ్లష్ చేయాలి. పండగకో, చావు కార్యానికో కేంద్రం మూసినా రోజుకు ఒక గంట మిషన్ నడవాలి. నీళ్లు లోపల నిలిచిపోతే మెంబ్రేన్ మీద పాచి పడుతుంది.

యూవీ ల్యాంపు గురించి ఒక మాట. వెలుగుతోంది కదా అని వదిలేస్తారు. వెలుతురు కనబడుతున్నా క్రిములను చంపే శక్తి ఏడాది వాడేసరికి తగ్గిపోతుంది. కాబట్టి ఏడాదికోసారి మారుస్తాం, మార్చిన తేదీ ల్యాంపు పెట్టె మీదే రాస్తాం. దాని గాజు గొట్టాన్ని నెలకోసారి తుడవాలి.

ఆర్ఓ నీటిలో క్లోరిన్ ఉండదు. కార్బన్ ఫిల్టరే దాన్ని తీసేస్తుంది, తీయకపోతే మెంబ్రేన్ దెబ్బతింటుంది. అందువల్ల శుద్ధి అయిన నీటికి తర్వాత కాపలా లేనట్టే. ట్యాంకులో నీళ్లు 24 గంటలకు మించి ఉంచం. పదిహేను రోజులకోసారి లోపల బ్రష్‌తో కడుగుతాం. నెలకోసారి 400 గ్రాముల బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్‌లో కలిపి, తేరిన నీటిని మాత్రం నిండు ట్యాంకులో పోసి రాత్రంతా ఉంచుతాం. తెల్లారాక ఆ నీళ్లన్నీ వదిలేసి, వాసన పోయేదాకా కడిగాకే అమ్మకం.

ఇంటి నుంచి తెచ్చే క్యాన్ లోపల పాకుడు ఉంటే నింపం. గొడవ పడినా నింపం. కేంద్రం దగ్గరే పొడవాటి బ్రష్, కడుక్కోవడానికి కుళాయి పెడుతున్నాం.

మంచినీళ్లు ఎన్ని వస్తాయో దాదాపు అన్ని వృథా నీళ్లూ వస్తాయి. వాటిలో ఫ్లోరైడ్ బోరు నీటికన్నా సుమారు రెట్టింపు. మరుగుదొడ్లకు, నేల కడగడానికి, బండ్లు కడగడానికి వాడుకోవచ్చు. గొడ్ల తొట్టిలోకి, పాత బావిలోకి ఆ గొట్టం పోకూడదు. బడి మరుగుదొడ్ల మీద ట్యాంకుకు కలపమని పంచాయతీని కోరుతున్నాం.

నీటి పరీక్షలు

టీడీఎస్ మీటరు పెట్టి అంకె చూపిస్తే జనం నమ్మేస్తారు. ఆ మీటరు కరిగిన లవణాలను మాత్రమే చెబుతుంది. ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు, క్రిముల సంగతి అసలే చెప్పదు. మురికి చెయ్యి ముంచిన నీళ్లకూ టీడీఎస్ 90 చూపించగలదు. అందుకే మాకు ఒక్క మీటరు చాలదు.

రోజూ: బోరు నీటి టీడీఎస్, మంచినీటి టీడీఎస్, గేజిల అంకెలు, ఎన్ని క్యాన్లు పోయాయో రిజిస్టర్‌లో రాయాలి. కొత్త మెంబ్రేన్లతో మొదటి వారం వచ్చే టీడీఎస్ మనకు కొలబద్ద. అది రెట్టింపు అయితే మెకానిక్‌ని పిలవాలి. రుచి కోసం బోరు నీళ్లు కలిపే బైపాస్ వాల్వుకు తాళం వేస్తున్నాం, తాళంచెవి లీడర్ దగ్గర ఉంటుంది.

వారానికోసారి: ఫీల్డ్ కిట్‌తో ఫ్లోరైడ్, పీహెచ్. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు ఈ కిట్ల మీద శిక్షణ ఇవ్వాలన్నారు. మా సభ్యుల్లో ఇద్దరు అది నేర్చుకున్నారు, పరీక్ష వాళ్లే చేస్తారు. ఆపరేటర్ తన నీటిని తనే పరీక్షించుకోకూడదని పట్టుబట్టింది కూడా వాళ్లే.

నెలకోసారి: నీళ్లలో క్రిములున్నాయేమో చూసే హెచ్2ఎస్ సీసాలు మూడు. ఒకటి కేంద్రం కుళాయి నుంచి, రెండు ఊళ్లో ఏవైనా రెండు ఇళ్ల క్యాన్ల నుంచి. 48 గంటల్లో నీళ్లు నల్లబడితే కలుషితం ఉన్నట్టు. ఇంటి సీసా నల్లబడి కుళాయి సీసా మామూలుగా ఉంటే తప్పు క్యాన్‌లో ఉంది, ఆ ఇంటికి వెళ్లి కడిగే పద్ధతి చూపిస్తాం.

మూడు నెలలకోసారి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో క్రిముల పరీక్ష. క్రిమిరహితం చేసిన సీసాలో పట్టి, ఐస్ పెట్టిన డబ్బాలో అదే రోజు చేర్చాలి. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలి ఒక్కటి కూడా ఉండకూడదు. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పూర్తి రసాయన పరీక్ష: ఫ్లోరైడ్, నైట్రేట్, కఠినత్వం అన్నీ. నైట్రేట్ 45 దాటకూడదు. ప్రతి ఫలితమూ, బాగున్నా బాగోలేకపోయినా, గది బయట బోర్డు మీద తేదీతో పెడతాం.

ఫ్లోరైడ్ 1 దాటినా, కుళాయి సీసా నల్లబడినా ఆ పూటే అమ్మకం ఆపేస్తాం. ఎవరినీ అడగకుండా తాళం వేసే అధికారం ఆపరేటర్‌కు ఉంది. ట్యాంకు, పైపులు శుభ్రం చేసి, వరసగా రెండు సీసాలు మామూలుగా వచ్చాకే తెరుస్తాం. మూసిన రోజుల్ని కార్డులో కలుపుతాం.

పంచాయతీ నుంచి కోరేవి

గది, బోరు ఐదేళ్లపాటు సంఘానికి అప్పగిస్తూ రాతపూర్వకంగా తీర్మానం. కరెంటు మీటరు సంఘం పేరుకు మార్పు. వృథా నీటికి పైపులైను. లెక్కల పుస్తకాలు ప్రతి నెలా మొదటి శనివారం గ్రామ సమాఖ్య సమావేశంలో తెరిచి ఉంటాయి, ఊళ్లో ఎవరైనా వచ్చి చూడవచ్చు. గది తాళాలు ఇచ్చిన రోజు నుంచి మాకు 25 రోజులు కావాలి. చివరి పది రోజులు నీళ్లు అమ్మం, పరీక్షలకే వాడతాం.