ఐటీ సపోర్ట్ నుంచి క్లౌడ్ వైపు: నా గురించి

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాను, 2018 నుంచి ఐటీ సపోర్ట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఇప్పుడు క్లౌడ్ సపోర్ట్ లేదా జూనియర్ క్లౌడ్ ఇంజినీర్ ఉద్యోగం కోసం చూస్తున్నాను.

రోజూ చేసే పని విండోస్ సర్వర్లు, యాక్టివ్ డైరెక్టరీ, రౌటర్లు, స్విచ్‌లు, టాలీ సర్వర్లు, బ్యాకప్‌లు. కస్టమర్లు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బోర్డర్ దాటితే పాతపట్నం వైపు. ఒక ఫోన్ తెలుగులో వస్తే తర్వాతది ఒడియాలో వస్తుంది, హెడ్ ఆఫీసుతో హిందీ, మూడూ ఇబ్బంది లేకుండా మాట్లాడతాను. స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో చెప్పలేక కంగారు పడుతున్న మనిషి నుంచి అసలు సమస్య ఏంటో ఓపిగ్గా రాబట్టడం నాకు బాగా వచ్చిన పని, క్లౌడ్‌లోనూ అది పనికొస్తుందని గట్టిగా నమ్ముతున్నాను.

క్లౌడ్ మీద ఆసక్తి కోర్సుల వల్ల పుట్టలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాను ఎలా దెబ్బ తీసిందో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక కస్టమర్ దగ్గర సర్వరు, బ్యాకప్ తీసే హార్డ్ డిస్క్ ఒకే బల్ల మీద ఉండేవి, రెండూ కలిసే తడిసిపోయాయి. బ్యాకప్ ఉండాల్సింది వేరే ఊళ్లో అని ఆ రోజే అర్థమైంది.

అందుకే నా మొదటి ప్రాజెక్టు కూడా బ్యాకప్పే. ఒక రైస్ మిల్లు టాలీ డేటా రాత్రి మిల్లు మూసేశాక ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లోని ఎస్3 బకెట్‌కి వెళ్తుంది:

```
aws s3 sync D:\Tally\Data s3://mill-tally-backup/data --region ap-south-1
```

కమాండ్ ఒక్క లైనే, పనంతా దాని చుట్టూ ఉంది. అప్‌లోడ్ చేసే యూజర్‌కి `s3:ListBucket`, `s3:PutObject` తప్ప ఇంకే పర్మిషన్ ఇవ్వలేదు, బకెట్‌కి వెర్షనింగ్ ఆన్ చేశాను, కాబట్టి మిల్లులోని కంప్యూటర్‌కి రాన్సమ్‌వేర్ తగిలి పాడైన ఫైళ్లు పైకి వెళ్లినా పాత వెర్షన్లు చెరిగిపోవు. పాత వెర్షన్లు 30 రోజుల తర్వాత లైఫ్‌సైకిల్ రూల్‌తో పోతాయి. స్టాండర్డ్-ఐఏ చవగ్గా కనిపిస్తుంది కానీ అందులో చిన్న ఫైలుకి కూడా కనీసం 128 కేబీ లెక్కన, కనీసం 30 రోజులకి బిల్లు పడుతుంది, టాలీలో రోజూ మారే చిన్న ఫైళ్లు చాలా ఉంటాయి, అందుకే మామూలు స్టాండర్డ్ క్లాసే ఉంచాను. ఇక్కడ కరెంటు చెప్పి పోదు కదా, టాస్క్ షెడ్యూలర్‌లో `Run task as soon as possible after a scheduled start is missed` టిక్ చేశాను. నెలకోసారి డేటాను వేరే కంప్యూటర్‌లోకి దించి టాలీలో తెరిచి చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనుకోను.

2023లో ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ పాసయ్యాను, 2024లో సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ (`SAA-C03`). మొదటిది సర్వీసుల పేర్లు, బిల్లింగ్ నేర్పింది, రెండోదే నా ఆలోచనను మార్చింది. అప్పటిదాకా పాడైంది బాగుచేయడమే నా పని, ఇప్పుడు ఏ సిస్టమ్ చూసినా ఇందులో ఏది పోతే ఏది ఆగిపోతుంది అన్నదే ముందు చూస్తాను.

ఆ చదువుతోపాటే టెర్రాఫామ్ మొదలుపెట్టాను. రెండు అవైలబిలిటీ జోన్లలో వీపీసీ, ముందు లోడ్ బ్యాలెన్సర్, వెనక ప్రైవేట్ సబ్‌నెట్లలో ఈసీ2 మెషీన్లు, మొత్తం కోడ్‌లోనే రాసి గిట్‌లో పెట్టాను. నాట్ గేట్‌వేకి వాడినా వాడకపోయినా గంటల లెక్కన డబ్బు పడుతుంది, అందుకే ప్రాక్టీస్ అయ్యాక `terraform destroy` కొట్టి మర్నాడు మళ్లీ లేపేవాణ్ణి, దానివల్ల ఆ కోడ్ ఎవరి అకౌంట్‌లోనైనా మొదటి నుంచి లేస్తుందన్న నమ్మకం కుదిరింది. ఇంకో చిన్న పని: టెస్ట్ మెషీన్లను రాత్రి ఆపి పొద్దున లేపే ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూల్. మెషీన్ ఆగినా ఈబీఎస్ డిస్క్‌కి బిల్లు నడుస్తూనే ఉంటుంది కాబట్టి బడ్జెట్ అలర్ట్ కూడా పెట్టాను.

పెద్ద ప్రొడక్షన్ సిస్టమ్ మీద ఇంకా చేయలేదు, కుబెర్నెటిస్ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాను. లినక్స్, నెట్‌వర్కింగ్, ఐఏఎం, బ్యాకప్, మానిటరింగ్ పనులు మాత్రం మొదటి వారం నుంచే చేయగలను. నైట్ షిఫ్ట్, ఆన్‌కాల్ రెండూ అలవాటే. విశాఖపట్నం, హైదరాబాద్, భువనేశ్వర్ ఎక్కడికైనా వస్తాను, రిమోట్ అయినా సరే, నోటీస్ పీరియడ్ 30 రోజులు. టెర్రాఫామ్ కోడ్, బ్యాకప్ సెటప్ నోట్స్ అడిగితే పంపుతాను, ఇంటర్వ్యూలో మీ ముందే లేపి చూపించడానికైనా సిద్ధం.