గులాబీ పువ్వు వెనకాల

బాబాయి శుభలేఖ పట్టుకుని మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చాడు. పిన్ని రాలేదు. చిక్కడపల్లి సందులో మా గేటు ముందు ఆటోలోనే కూర్చుంది. అమ్మ బాల్కనీలోంచి చూసింది కానీ కిందికి దిగలేదు. సొంత చెల్లెలి కూతురి పెళ్ళికి బొట్టు లేని పిలుపు! బాబాయి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

గొడవంతా ఒక్క కాసులపేరు గురించి. 1996లో పిన్ని పెళ్ళికి అమ్మే తనది తీసి పెట్టుకోమని ఇచ్చింది. తర్వాత చెల్లెలి దగ్గరే ఉండిపోయిందనుకుంది, అడగలేదు. అమ్మమ్మ పోయాక, 2011లో మా అక్కకి సంబంధం కుదిరినప్పుడు అడిగింది. "అప్పగింతలప్పుడే అమ్మ తీసేసుకుంది కదక్కా, నీకివ్వలేదా?" అంది పిన్ని. పోయిన మనిషి మీదకి నెట్టేస్తోందని అమ్మకి ఒళ్ళు మండింది. పెళ్ళి ఆల్బమ్‌లో ఆఖరి ఫోటోలో కూడా పిన్ని మెడలో కాసులపేరు ఉంది మరి. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ సాయంత్రం అటక ఎక్కి పెళ్ళి వీడియో క్యాసెట్లు రెండూ దింపాను. టేపు అంచున తెల్లగా బూజు. కోఠిలో పాత క్యాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపులో ఇస్తే, శుభ్రం చేసి నాలుగు రోజుల తర్వాత ఇచ్చారు. రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. "ఎందుకే ఇప్పుడవన్నీ?" అంటూనే అమ్మ కళ్ళజోడు తెచ్చుకుంది.

అప్పగింతలు రెండో క్యాసెట్ చివర్లో ఉన్నాయి. పాలలో ముంచిన పిన్ని చేతుల్ని వాళ్ళ అత్తగారి చేతుల్లో పెడుతున్నారు. వీడియో లైటుకి మొహాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. తర్వాత అమ్మమ్మ పిన్నిని కావలించుకుని ఏడ్చింది. సరిగ్గా అప్పుడే ఎడిటింగ్ చేసినవాళ్ళు ఒక ఎర్ర గులాబీని తిప్పుకుంటూ తెచ్చి తెరంతా నింపేశారు. పువ్వు విచ్చుకునేసరికి పిన్ని కారులో ఉంది, కొంగు మెడ చుట్టూ కప్పుకుని. మెడలో ఏముందో, ఏం లేదో తెలియదు.

వెనక్కి జరిపాను. ఆ వీడియోకి సెకనుకి 25 ఫ్రేములు. VLCలో E నొక్కితే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. మూలలో పువ్వు పుట్టినప్పట్నుంచి తెర నిండేదాకా లెక్కపెట్టాను, 42 ఫ్రేములు. రెండు సెకన్లు కూడా లేవు. చెయ్యి కదిలిన చోటల్లా దువ్వెన పళ్ళలా గీతలు. డీఇంటర్లేస్ ఆన్ చేస్తే కొంచెం తేటపడింది.

కావలింత అనుకున్నాం కదా, కాదు. అమ్మమ్మ చేతులు రెండూ పిన్ని జడ కింద ఉన్నాయి. తొమ్మిదో ఫ్రేములో మోచేతులు పైకి లేచాయి. పదిహేనో ఫ్రేములో పిన్ని భుజం మీద పచ్చటి గీత ఒకటి వేలాడింది. తర్వాత ఒక రెక్క అడ్డొచ్చింది. నా వేలు వణుకుతోంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ. ముప్ఫై మూడో ఫ్రేములో, రెండు రెక్కల మధ్య అరచేతంత సందులో, అమ్మమ్మ గుప్పిట. వేళ్ళ సందుల్లోంచి రెండు కాసులు బయటికి కనబడుతున్నాయి. పిన్ని మెడలో పూలదండ, పసుపుతాడు తప్ప ఇంకేం లేవు.

"ఆపు," అంది అమ్మ. "ఇంకొకటి నొక్కు."

గుప్పిట నడుం దగ్గరికి వచ్చింది.

"రొండిన దోపుకుంటోంది. తాళంచెవైనా, చిల్లరైనా అమ్మ అక్కడే దోపేది." తెర మీద ఆ చెయ్యి దగ్గర వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు అమ్మ. తర్వాత మెల్లగా అంది. "మర్నాడు వంటవాళ్ళు బాకీ కోసం వాకిట్లో కూర్చున్నారు. నాన్న దగ్గర పైసా లేదు. మధ్యాహ్నానికల్లా తీర్చేసింది. ఎక్కడిదమ్మా అంటే, 'సర్దాన్లే, నువ్వు పిల్లకి అన్నం పెట్టు' అంది. నాతో చెప్పడానికి ఎంత నామోషీ పడిందో! ఆ మాట నాకు ఇన్నేళ్ళూ గుర్తుంది కానీ, దీనికీ దానికీ ముడిపెట్టుకోలేదు."

పదకొండు దాటింది. పొద్దున చేద్దువుగాని అన్నాను. వినలేదు. పిన్ని నంబరు అమ్మ ఫోన్‌లో లేదు, నా ఫోన్ తీసుకుంది. రెండో రింగుకే ఎత్తింది పిన్ని.

"నేనే."

అవతల చప్పుడు లేదు.

"వీడియో చూశానే. అమ్మే తీసింది. నువ్వు చెప్పిందే నిజం. నిన్ను అనరాని మాటలన్నాను."

పిన్ని ఏడుస్తోందని నాక్కూడా వినబడింది. కాసేపటికి, "కాసులపేరు దొరికిందా అక్కా?" అంది.

"దొరకదులే. అది మీ పెళ్ళి భోజనాల్లో అయిపోయింది." అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వనస్థలిపురం బస్సు పొద్దున ఎన్నింటికుంటుందే? నేనే వస్తాను. కుంకుమ భరిణె బయట పెట్టి ఉంచు."