కర్చీఫ్ ఎవరిదైతే సీటు వారిదే

(నిడివి: రెండు నిమిషాలు. స్థలం: విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్, మచిలీపట్నం వెళ్లే పల్లెవెలుగు బస్సు. భోగి ముందురోజు. కిటికీల్లోంచి గొడుగులు, అరిసెల డబ్బాలు, సంచులు లోపల పడుతుంటాయి. కుడివైపు మొదటి సీటులో బామ్మ. సుబ్బారావు చెమటలు కక్కుతూ ఎక్కుతాడు.)

సుబ్బారావు: లేవండి బామ్మగారూ. ఇక్కడ నేను కర్చీఫ్ వేశాను.

బామ్మ: (కింద, పక్కన చూసి) ఏదీ?

సుబ్బారావు: నీలం గళ్లది. మూలన మా ఆవిడ ఎర్రదారంతో ‘సు’ అని కుట్టింది. కుడివైపు మొదటి కిటికీలోంచి నా చేత్తో నేనే వేశాను!

బామ్మ: నేను కంకిపాడులో దిగిపోతాను నాయనా. అక్కడి నుంచి నువ్వే కూర్చో.

సుబ్బారావు: కుదరదు. ఇది న్యాయం విషయం.

బామ్మ: ప్రభుత్వమే నన్ను డబ్బు లేకుండా వెళ్లమంది. నువ్వు సీటు లేకుండా వెళ్లమంటావా?

(వెనుక నుంచి కేకలు.)

కుర్రాడు: నా చెప్పు మీద కూర్చున్నారు, లేవండి!

పెద్దాయన: చెప్పు చెల్లదు. నేను గొడుగు వేశాను.

కుర్రాడు: మీ గొడుగు కన్నా నా చెప్పు ముందు పడింది!

(కండక్టర్ టికెట్ మిషన్‌తో జనాన్ని తోసుకుంటూ వస్తాడు. ఒక సీటులో ఏడాది పిల్లవాడు హాయిగా నిద్రపోతున్నాడు.)

కండక్టర్: ఈ పిల్లవాడు ఎవరండీ?

తండ్రి: (కిటికీ బయటి నుంచి) మావాడే! కర్చీఫ్ దొరకలేదు, వాణ్ణి వేశాను. లేపకండి, వస్తున్నా!

(అందరూ ఒక్కసారిగా అరుస్తారు. కండక్టర్ గట్టిగా విజిల్ ఊదుతాడు. నిశ్శబ్దం.)

కండక్టర్: వినండి! గొడుగైనా, చెప్పైనా, పిల్లవాడైనా సరే. ఎవరి వస్తువు ఎక్కడ పడితే వాళ్లు అక్కడే కూర్చోవాలి. ఇక మాట మార్చడం లేదు. ఒప్పుకుంటేనే బస్సు కదులుతుంది.

అందరూ: ఒప్పుకున్నాం!

సుబ్బారావు: (అందరికన్నా గట్టిగా) నేనైతే ప్రాణం పోయినా మాట తప్పను! నా కర్చీఫ్ కనబడనివ్వండి, అక్కడ కూర్చోకపోతే నా పేరు సుబ్బారావే కాదు!

(ముందు నుంచి డ్రైవర్ గొంతు.)

డ్రైవర్: నీలం గళ్ల కర్చీఫ్ ఎవరిదండీ? మూలన ‘సు’ అని ఉంది.

సుబ్బారావు: (గంతేసి) నాదే! విన్నారా బామ్మగారూ? అబద్ధం చెప్పే మనిషిని కాను. ఎక్కడ దొరికింది బాబూ?

డ్రైవర్: నా సీటులో.

(సుబ్బారావు నోరు తెరిచి ఉండిపోతాడు. జనం పక్కకు జరిగి దారి ఇస్తారు. డ్రైవర్ కిందికి దిగి, కర్చీఫ్ దులిపి అతని భుజం మీద వేస్తాడు.)

డ్రైవర్: రండి, కూర్చోండి. బందరు 70 కిలోమీటర్లు. ఉయ్యూరులో రద్దీగా ఉంటుంది, జాగ్రత్తగా నడపండి.

(సుబ్బారావు వణుకుతూ స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. వెనుక నుంచి బామ్మ అతని భుజం తడుతుంది.)

బామ్మ: నాయనా, కంకిపాడులో కాస్త ఆపు.