వేట నిషేధం ఐటమ్: మార్చిన ఇంట్రో

తమ్ముడూ,

హార్బర్ నుంచి నువ్వు పంపిన ఐటమ్ పైభాగం తిరగరాశాను. నీ బైలైన్‌తో వెళ్లేది కాబట్టి పేజీకి ఇచ్చేలోపు ఒకసారి చదువు.

నువ్వు ఇలా ఎత్తుకున్నావు: "తూర్పున ఇంకా వెలుగు రేకలు విచ్చుకోలేదు. జెట్టీ మీద గాలిలో ఉప్పు, డీజిల్ కలిసిన వాసన. తరతరాలుగా కడలినే నమ్ముకున్న గంగపుత్రుల ముఖాల్లో ఏదో తెలియని దిగులు..."

నిషేధం అన్న మాట నాలుగో పేరాలో వచ్చింది. జూన్ 14 అన్న తేదీ ఆరో పేరాలో, డబ్బుల సంగతి తొమ్మిదో పేరాలో. రాత్రి ఏదైనా యాడ్ వస్తే ఐటమ్‌ను కింది నుంచే కోస్తాం. అప్పుడు ముందుగా పోయేది ఆ డబ్బుల లైనే. జాలారిపేటలో పేపర్ అందుకునేవాళ్లు వెతికేది కూడా దాన్నే. అందుకే ఇలా మార్చాను:

మరబోట్ల వేటకు నేటి అర్ధరాత్రి నుంచి బ్రేక్
జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం

విశాఖపట్నం, ఏప్రిల్ 13: సముద్రంలో యాంత్రిక, మోటారు బోట్లతో చేపల వేట మంగళవారం అర్ధరాత్రి నుంచి ఆగిపోనుంది. జూన్ 14 వరకు 61 రోజుల పాటు నిషేధం అమల్లో ఉంటుంది. మోటారు లేని సంప్రదాయ తెప్పలు, నావలకు ఇది వర్తించదు.

వేట లేక ఆదాయం కోల్పోయే అర్హులైన మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం రూ.20 వేల చొప్పున సాయం అందిస్తోంది. గతంలో ఇది రూ.10 వేలు. 2025 వేట విరామం నుంచి పెంచారు.

ఆ డబ్బు వచ్చినా ఇల్లు గడవడం కష్టమేనని హార్బర్‌లో ఓ కలాసీ చెప్పాడు. తాను తెచ్చిన చేపల్లో కొంత భార్య బుట్టలో పెట్టుకుని వీధుల్లో అమ్ముతుందని, బోటు ఆగితే ఇద్దరి సంపాదనా ఒకేసారి ఆగిపోతుందని వివరించాడు.

నిషేధాన్ని ఉల్లంఘించిన వారిపై 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం కింద చర్యలు ఉంటాయి. ఇప్పటికే వేటలో ఉన్న బోట్లు గడువులోగా తీరానికి చేరుకోవాలి.

చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలంలో వాటి సంతతిని కాపాడేందుకు తూర్పు తీరమంతటా ఏటా ఈ విరామం పాటిస్తున్నారు. ఒకప్పుడు 47 రోజులే ఉండేది. 2015లో 61 రోజులకు పెంచారు.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సోమవారం తెల్లవారకముందే బోట్ల నుంచి చేపల బుట్టలు దిగాయి. సరంగులు ఇంజిన్ల మరమ్మతుకు మెకానిక్‌లతో మాట్లాడుకుంటుండగా, కలాసీలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సొంత ఊళ్లకు బయలుదేరుతున్నారు.

ఇంట్రో ఇక్కడితో సరి. దీని కింద నీ కాపీ మిగతాది ఉన్నదున్నట్టే పెట్టాను.

తెల్లవారుజాము దృశ్యం ఆఖరికి జరిగింది కానీ పోలేదు. ఆ సమయానికి జెట్టీ మీద నిలబడ్డ రిపోర్టర్ మాత్రమే రాయగలిగింది అది. ఎవరెవరు ఏం చేస్తున్నారో నువ్వు చూసి రాశావు కాబట్టి ఉంచాను. 'ఏదో తెలియని దిగులు' మాత్రం తీసేశాను. ఆ దిగులు ఎందుకో నీకే తెలుసు, కలాసీ నీతో చెప్పాడు. అతని మాటలు నీ కాపీలో అడుగున ఉన్నాయి. మూడో పేరాకు తెచ్చాను. మామూలుగా చట్టం, శిక్ష ముందుండాలని అంటారు. ఇక్కడ నాకు అలా అనిపించలేదు. రూ.20 వేలు ఇస్తున్నారని చదివిన వెంటనే అది సరిపోతుందా అన్న ప్రశ్న వస్తుంది. జవాబు ఆ పక్కనే ఉండాలి. నియమం ఉల్లంఘించేవాళ్లు కొందరే, ఇల్లు గడవని వాళ్లు పేట పేటంతా.

తెప్పలకు నిషేధం లేదన్న లైన్ నీ కాపీలో లేదు, నేను కలిపాను. అది లేకుండా 'చేపల వేట బంద్' అని రాస్తే రేపు పొద్దున తెప్ప మీద వెళ్లేవాడు ఒడ్డునే ఆగిపోతాడు. 'బతుకు బండి', 'గంగపుత్రులు' తీసేశాను. మత్స్యకారులు అంటే చాలు.

పెనాల్టీ ఎంతో నువ్వు రాసిన అంకె ఎక్కడిదో చెప్పలేదు, అందుకని ఆపాను. మత్స్యశాఖ వాళ్లు చెప్పిందైతే వాళ్ల పేరుతోనే వేద్దాం. ఇంకొకటి. ఈ ఏడాది సాయం ఖాతాల్లో ఏ తేదీన పడుతుందో జేడీ ఆఫీసులో అడిగి ఏడు గంటల్లోపు ఫోన్ చెయ్యి. తేదీ దొరికితే దాన్ని రెండో పేరాలో మొదటి వాక్యం చేస్తాను.